ఎముక బద్ద

ఆగస్టు పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం. న్యాయస్థానం వెనక భవనంలో, రెండో అంతస్తులో, మధ్యవర్తిత్వానికి కేటాయించిన గది. హాజరైనవారు: జడ్జీగా పదవీ విరమణ చేసి ఇప్పుడు మధ్యవర్తిగా కూర్చున్న ఒక పెద్దావిడ, పరిహారం కోరుతున్న బైండింగు మాస్టారు, చక్రాల కుర్చీలో, ఆయన కూతురు, ఆయన తరఫు లాయరు, ఎదుటి పక్షాన పెద్దమ్మాయి, ఆమె తరఫు లాయరు. మధ్యవర్తి తన కాగితం మీద రాసుకున్న వరస ఇది. ఆ వరసలో లేని మనిషి ఒకతె కూడా గదిలో ఉంది. మాస్టారి కుర్చీని తోసుకుంటూ వచ్చిన చిన్నమ్మాయి. జరిగింది కళ్ళారా చూసిన మనిషి కనక, అవసరమైతే అడగవచ్చునని రమ్మన్నారు.

పెద్దమ్మాయి మధ్యవర్తిని చూడలేదు, లాయర్లను చూడలేదు. మాస్టారి భుజం మీద నుంచి శాలువా జారింది. చిన్నమ్మాయి వంగి, దాన్ని పైకి లాగి, కొసను ఆయన మోచేతి కింద దోపింది. ఆయన తల కూడా తిప్పలేదు. ఎవరు సర్దుతున్నారో చూసుకోనక్కర్లేనంత అలవాటు పడ్డారన్నమాట. ఆ సర్దడాన్నీ, ఆ చూడకపోవడాన్నీ పెద్దమ్మాయి రెండు ముళ్ళలాగా లెక్కపెట్టుకుంది.

పెద్దమ్మాయికి యాభై దాటాయి. ఈ వయసులో ఆ పిలుపేమిటని కొత్తవాళ్ళు నవ్వుకుంటారు. గ్రంథాలయపు బైండింగు విభాగంలో చేరిన రోజున మాస్టారు ఆమెను 'అమ్మాయి' అన్నారు. పెళ్ళి వద్దనుకున్నా, జుట్టు నెరిసినా, మాస్టారు పదవీ విరమణ చేసి ఆ బల్ల ఆమెకే అప్పగించినా, ఆయన నోట ఆమె అమ్మాయే. మూడేళ్ళ కిందట ఆ విభాగంలోకి మరో పిల్ల వచ్చింది. చురుకైన పిల్ల, నవ్వు మొహం, సూదిలో దారం ఒక్క ఊపున ఎక్కించే చెయ్యి. ఆ పిల్లను మాస్టారు 'చిన్నమ్మాయి' అన్న పూటే, ఈమె పిలుపు ముందుకు 'పెద్ద' వచ్చి కూర్చుంది. అందరూ దాన్ని గౌరవమనుకున్నారు. ఆమెకు మాత్రం అది సవతి వచ్చిందని చాటిన దండోరాలా వినిపించింది.

అన్నిటికన్నా మండే సంగతి ఏమిటంటే, ఆ పిల్లను మాస్టారింటికి చేయి పట్టుకుని తీసుకెళ్ళింది తనే. వారం వారం సెలవు రోజున చిరిగిన పుస్తకాలు సంచీలో వేసుకుని ఆయన ఇంటికి వెళ్ళడం ఆమెకు ఏళ్ళ నాటి అలవాటు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుచట్రం, పుస్తకాలు బిగించే చిన్న ప్రెస్సు, ముక్కాలిపీటలు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఫారాలు, అంటే కలిపి కుట్టిన పేజీల మడతలు, విప్పి, వెన్నుకు పట్టిన పాత జిగురు గీకి, మళ్ళీ కుట్టేవారు. మాటలు తక్కువ. పని కుదిరితే ఆయన 'ఊ' అనేవారు. కుదరకపోతే ఏమీ అనేవారు కాదు. ఆ 'ఊ' కోసమే ఆమె వారమంతా బతికేది. తన గురువు ఎంతటివాడో కొత్త పిల్లకు చూపించి గొప్పలు పోవాలనిపించి ఒక సెలవు రోజున వెంట తీసుకెళ్ళింది. పై వారం ఆ పిల్ల పిలవకుండానే వచ్చింది. ఆ పై వారం తనకన్నా ముందే వచ్చి కూర్చుంది. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే.

మాస్టారి దగ్గర ఒక ఎముక బద్ద ఉండేది. కాగితాన్ని మడిచాక మడత మీద నొక్కి లాగి అంచును కత్తిలా తేల్చేందుకు బైండర్లు వాడే పనిముట్టు. వేలెడు పొడవు, ఒక కొస మొద్దు, ఒక కొస సన్నం. ఆయన అరచేతి చెమటకు తేనె రంగు తిరిగింది. విభాగంలో అందరికీ ప్లాస్టిక్ బద్దలే. ఈ ఒక్కటే అసలు ఎముక. ఆయన పోయేనాటికి అది తనకే వస్తుందని పెద్దమ్మాయి ఎన్నడూ పైకి అనలేదు; అనుకోనక్కర్లేదన్నంత గట్టిగా అనుకుంది.

మార్చి నెలలో ఒక సెలవు రోజున, మాస్టారు ముక్కాలిపీట మీద కూర్చుని, జేబులో నుంచి ఆ బద్ద తీసి, చిన్నమ్మాయి చేతిలో పెట్టారు. "ఉంచుకో" అన్నారు. అంతే.

పెద్దమ్మాయి సూది కింద పెట్టింది. "ఏదీ, ఒక్కసారి చూడనివ్వండి" అంటూ చెయ్యి చాపింది. ఆ గొంతులో ఏం వినిపించిందో, మాస్టారు లేచి నవ్వుతూ అడ్డం వచ్చారు. ఆయన లేవగానే చిన్నమ్మాయి ముక్కాలిపీటను కాలితో బల్ల కిందికి నెట్టింది. బైండింగు గదిలో ఎవరు లేచినా పీట వెంటనే బల్ల కిందికి పోవాలి, లేకపోతే ప్రెస్సు తిప్పేవాళ్ళు తట్టుకుని పడతారు. "నీకెందుకే ఇది, నీ గోరు చాలదూ" అన్నారు మాస్టారు.

"పక్కకి జరగండి" అంది పెద్దమ్మాయి. అంటూ అరచేతితో ఆయన భుజం మీద తోసింది. బిగిసిన తలుపు తెరుచుకోవడానికి కూడా చాలని తోపు అది. మాస్టారు ఒక అడుగు వెనక్కి వేసి, పీట ఉందనుకుని కూర్చోబోయారు. పీట లేదు. నేల మీద కూర్చుండిపోయారు. లావుపాటి పుస్తకం జారిపడితే అయ్యేంత చప్పుడు కూడా కాలేదు. ఆయనే ముందు నవ్వారు. లేవబోయారు. లేవలేకపోయారు. నవ్వు మొహం మీద అలాగే ఉండగా మొహం తెల్లబడింది.

తుంటి విరిగింది. నడుము దగ్గర వెన్నుపూస ఒకటి అణిగిపోయింది. తుంటికి వేసిన మరలను ఎముక పట్టి నిలపలేకపోయింది; మళ్ళీ కోశారు. మంచం మీద కదలకుండా పడి ఉండటంతో ఊపిరితిత్తుల్లో చీము చేరింది. బతికి బయటపడ్డారు గాని, ఇక సొంత కాళ్ళ మీద నిలబడరని తేల్చారు. ఆయన కూతురు ఉద్యోగం చేసుకునే మనిషి. పగలంతా ఒక నర్సును పెట్టక తప్పలేదు. చేతిలో ఉన్నది ఆసుపత్రికి ఊడ్చిపెట్టాక తండ్రి పేర దావా వేయించింది. పెద్దమ్మాయికి ఉన్నది ఒకే ఒక్క ఆస్తి, జీవితమంతా కూడబెట్టి కొనుక్కున్న మేడ మీది రెండు గదుల ఇల్లు. దావా మొత్తం తన మీద పడితే ఆ ఇల్లు పోతుంది. సగం పడితే అప్పో సప్పో చేసి నిలుపుకోవచ్చు. లాయరు మొదటి రోజే ఈ ముక్క చెప్పాడు. అప్పటినుంచి రోజూ పడుకోబోయే ముందు ఆ రెండు గదుల గోడలను చేత్తో తడిమి చూసుకుంటోంది.

ఆమె లాయరు సన్నగా, చలాకీగా ఉండే కుర్రవాడు. తోయలేదని బుకాయించే దారి ఉందేమోనని మొదట్లో ఒకసారి సూచాయగా అడిగాడు. దారినపోతూ పొరపాటున తగిలిందనీ, అందులో ఆమె అజాగ్రత్త ఏమీ లేదనీ అంటే అసలు దావాయే నిలవదట. ఆమె అతన్ని చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తోశానని రాతపూర్వకంగానే ఒప్పుకుంది. ఇప్పుడతని ఆశంతా ఆసుపత్రి రికార్డుల మీద ఉంది. మాస్టారికి ఏళ్ళుగా ఆయాసం. దానికి మింగిన మాత్రలు ఎముకల సారాన్ని తినేశాయి. పోయిన ఏడు మణికట్టు కూడా చిట్లింది. అతను ఆ సంగతులన్నీ వరసగా చదివి వినిపించి, మామూలు మనిషిని అంతే తోపు తోస్తే తూలి నిలదొక్కుకుంటాడని, ఇక్కడ విరిచింది తన కక్షిదారు చెయ్యి కాదని, మాత్రలని ముగించాడు.

మాస్టారి లాయరు స్థూలకాయుడు. తొందరపడే అలవాటు లేదు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాక మాట్లాడాడు.

"గోరుచుట్టు మీద రోకటిపోటు అంటాం కదండీ. పోటు వేసినవాడు వచ్చి, ఆ వేలికి గోరుచుట్టు ఉందని నాకేం తెలుసు, మంచి వేలైతే ఇంత నొప్పి ఉండేది కాదు, కాబట్టి సగం నొప్పి గోరుచుట్టు ఖాతాలో రాయండి అంటే వింటామా?"

మాస్టారు ఫక్కున నవ్వబోయి దగ్గారు. చిన్నమ్మాయి నీళ్ళ సీసా మూత తీసింది. పెద్దమ్మాయి చెయ్యి తన సంచీలోని సీసా మీదికి పోయి, ఆలస్యమైందని వెనక్కి వచ్చింది.

మధ్యవర్తి ఆ సామెతనే అందుకుని పెద్దమ్మాయికి నెమ్మదిగా విడమర్చింది. దీనికి లాయర్ల భాషలో గుడ్డు పెంకు పుర్రె అని ఒక పేరుందట. ఎదుటివాడి పుర్రె గుడ్డు పెంకంత పలచనిదైనా సరే, తప్పుగా చెయ్యి వేసినవాడు ఆ పుర్రెను ఉన్నదున్నట్టుగానే స్వీకరించాలి. ముందు చూసేది చెయ్యి వేయడం తప్పా కాదా అని. తప్పని తేలితే, ఆ తప్పు వల్ల ఎంత నష్టం జరిగిందో అంతా ఆ చేతిదే. ఇంత జరుగుతుందని ఊహించానా లేదా అన్న ప్రశ్న రాదు. అయితే చట్టం ఆయన్ని అంతకు ముందున్న దానికన్నా గట్టివాణ్ణి కూడా చెయ్యదు. ఆయాసానికి అయ్యే మందుల ఖర్చు ఈమె మీద వేయరు. పోయిన ఏటి మణికట్టు వేయరు. ఈ తోపు లేకపోయినా ఆ ఎముకలు కొన్నాళ్ళకు వాటంతటవే ఆయన్ని మంచాన పడేసేవా అన్నది కూడా చూస్తారు. ఆ మేరకు నర్సు ఖర్చులో తగ్గింపు ఉంటుంది. ఎముకల డాక్టరు ఏమన్నాడంటే, ఆయన నడుస్తున్నాడు, పని చేసుకుంటున్నాడు, జాగ్రత్తగా ఉంటే ఇంకా కొన్నేళ్ళు అలాగే గడిచేవేమో, గట్టిగా చెప్పలేను అని. కాబట్టి తగ్గింపు కొంత, అదీ నర్సు లెక్కలోనే. తుంటి, వెన్ను, రెండు ఆపరేషన్లు, ఆ తరవాతి ఊపిరితిత్తుల జబ్బు మాత్రం తోపుకు సంతానమే.

"నాకు తెలీదమ్మా ఆయన ఎముకల సంగతి. తెలిస్తే..." అంది పెద్దమ్మాయి.

"తెలియకపోవడం లెక్కలోకి రాదమ్మా. తెలిసి తోసి ఉంటే ఇంకా ఘోరం. తెలియకపోతే ఇంతే."

"ఆమెకి నిజంగానే తెలీదండి" అంది చిన్నమ్మాయి. ఎవరూ అడగకుండా. గదిలో అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల ఆగలేదు. ఎముకల స్కానింగుకి మాస్టారిని తీసుకెళ్ళింది తనేనట. ఇప్పటికి ఏడాది దాటిందట. అక్కకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారట.

ఆ రోజు పెద్దమ్మాయికి గుర్తుంది. కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళానని చెప్పారు మాస్టారు. కొత్త జోడు ఏదని అడిగితే, పాతదే బాగుందన్నాడు కొట్టువాడు అని నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఏడాది వెనక్కి వెళ్ళి పులిసిపోయింది. తోపు సంగతి మరిచిపోయింది, ఇల్లు మరిచిపోయింది.

"దానికి చెప్పి, నాకెందుకు చెప్పలేదు?" అంది. ఆ ప్రశ్నకు, వచ్చిన వ్యవహారానికి ఏ సంబంధమూ లేదని ఆమె లాయరు గుసగుసలాడాడు. ఆమె వినిపించుకోలేదు.

మాస్టారు ఆమె వైపు చూశారు. గదిలోకి వచ్చాక అదే మొదటిసారి.

"నీకు చెబితే పుస్తకాలు తేవడం మానేస్తావు" అన్నారు. ఆయాసం ఆగేదాకా ఆగి, "సూది కూడా లాక్కుంటావు. మంచం మీద పడుకోబెట్టి అన్నం కలిపి పెడతావు. నాకు తెలీదూ నీ సంగతి. ఇదైతే పోనీలే అని ఊరుకుంటుంది" అని ముగించారు.

అది నిజమే. చెప్పి ఉంటే మరునాడే ఆ ముందు గదిలో నుంచి ప్రెస్సు మాయమయ్యేది. పెద్దమ్మాయికి ఆ నిజం మింగుడుపడలేదు, కక్కనూ రాలేదు. తనను అంతగా ఎరిగి ఉండటం వల్లే తనకు చెప్పకుండా దాచారన్న సంగతి ఒక రకంగా గర్వపడదగ్గదే. కాని రహస్యం మాత్రం ఆ పిల్లకు దక్కింది, బద్ద దక్కినట్టే.

మాస్టారి కూతురు అప్పటిదాకా చేతిరుమాలు మడిచి విప్పుతూ కూర్చుంది. చిన్నప్పుడు పెద్దమ్మాయి చేతనే పలకకు తోలు అంచు కట్టించుకున్న మనిషి. 'అక్కా, నువ్వు' అని పిలిచేది. ఇవాళ 'మీరు' అంటోంది. తనకు ఎవరి మీదా పగ లేదని, కాని తన తండ్రి ఇంకెన్నేళ్ళు ఉంటే అన్నేళ్ళు ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలని, దానికి ఎవరో ఒకరు పూచీ పడాలని ముక్తసరిగా చెప్పింది.

అప్పుడు మళ్ళీ చిన్నమ్మాయే నోరు విప్పింది. ఈసారి లేచి నిలబడి.

"పీట తీసింది నేనండి. ఆయన లేచిన వెంటనే కాలితో నెట్టేశాను. పీట అక్కడే ఉంటే దాని మీద కూర్చునేవారు, ఏమీ అయ్యేది కాదు. ఆయన ఎముకల సంగతి తెలిసిన దాన్ని నేనే. చూసుకోవాల్సింది నేనే. అందుకని... సగం నా మీద వేయండి. మా అన్నయ్యతో మాట్లాడాను. ఇస్తాం."

పెద్దమ్మాయి లాయరు మొహం పున్నమి అయింది. పెన్ను మూత తీసి, ఇద్దరి తప్పులు కలిసి ఒకే దెబ్బకు దారితీసినప్పుడు ఆ ఇద్దరి మధ్యా భారం పంచవచ్చునని మధ్యవర్తికి చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యవర్తి కాదనలేదు. పీట తీయడం తప్పు అవునా కాదా అన్నది కోర్టులో అయితే తేల్చవలసిన ప్రశ్నేనని, కాని ఇక్కడ మనసారా ఒప్పుకుని సంతకం పెడితే ఎవరూ అడ్డం చెప్పరని అంది. ఎంత పలచని ఎముకలైనా ఉన్నవి ఉన్నట్టుగా స్వీకరించాలన్న నియమం ఇద్దరికీ ఒకేలా వర్తిస్తుందట. మాస్టారి లాయరు భుజాలు ఎగరేశాడు. పూర్తి మొత్తం అందితే చాలు, ఒక చేతి నుంచి వచ్చినా రెండు చేతుల నుంచి వచ్చినా తన కక్షిదారుకు ఒకటే.

అందరూ పెద్దమ్మాయి వైపు చూశారు. ఊ అంటే చాలు, మేడ మీది రెండు గదులూ నిలుస్తాయి.

ఆమె ఆ పిల్లను చూస్తోంది. కళ్ళలో నీళ్ళు, నటన ఏమీ లేదు. అదే ఆమెను దహించింది. దొంగ మనిషైతే హాయిగా అసహ్యించుకోవచ్చును. ఈ పిల్ల మంచిది. మంచితనంతోనే ఒక్కొక్కటీ పట్టుకుపోతోంది. సెలవు రోజులు, రహస్యం, బద్ద, కుర్చీ పిడులు. ఇప్పుడు ఈ తప్పులో వాటాకు కూడా వచ్చింది.

"నేను మీతో విడిగా మాట్లాడచ్చా?" అంది మధ్యవర్తితో.

అలా మాట్లాడటానికి అక్కడ వీలుంది. విడిగా చెప్పిన మాటలు, చెప్పినవాళ్ళు వద్దంటే, గది దాటవు. మిగిలినవాళ్ళు నడవలోకి వెళ్ళారు. లాయరు ఉండవచ్చా అని మధ్యవర్తి అడిగితే, మాట్లాడకుండా ఉండగలిగితే ఉండమంది పెద్దమ్మాయి. అతను ఉండగలిగాడు, కష్టం మీద.

"పీట తీయడం దాని తప్పు కాదమ్మా" అంది. "లేచినవాళ్ళ పీట బల్ల కిందికి పోవాలి. అది నేను నేర్పాను దానికి. ఒకసారి మరిచిపోతే నలుగురిలో కేకలేశాను కూడా. అది నా మాట విని చేసిన పని. అందులో దానికి వాటా ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"న్యాయంగా ఉంది" అంది మధ్యవర్తి. కళ్ళజోడు పైనుంచి ఒక్క క్షణం చూసింది. ముప్పై ఏళ్ళు సాక్షులను చూసిన కళ్ళు అవి. "ఇంతేనా?"

పెద్దమ్మాయి తన బొటనవేలి గోరును చూసుకుంది. కాగితాలు మడిచి మడిచి అది పల్చగా, పక్కకు వాలి పెరిగింది.

"ఇంతే కాదు. సగం దానికిస్తే నెలనెలా ఆ సగం పట్టుకుని అదీ ఆ గుమ్మం ఎక్కుతుంది. ఆయన నన్ను తిట్టుకున్నప్పుడు సగం దాన్ని తిట్టుకుంటారు. నన్ను తలుచుకున్నప్పుడు సగం దాన్ని తలుచుకుంటారు. అన్నీ దానితో పంచుకున్నానమ్మా. ఇదొక్కటీ నేను చేశాను. దీంట్లో దాన్ని రానివ్వను."

లాయరు నోరు తెరిచి, మాట గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఇల్లు పోతుందని తెలుసా అని మధ్యవర్తి అడిగింది. తెలుసంది. ఈ మాట రేపు మారదు కదా అని అడిగింది. మారదంది. చట్టం అడిగేది ఎవరి బలవంతమూ లేకుండా, తెలిసి ఒప్పుకుంటున్నారా అనే గాని, ఎందుకు ఒప్పుకుంటున్నారని కాదని, అది తన అదృష్టమని, ఎందుకో రాయవలసి వస్తే ఏం రాయాలో తనకు తెలిసేది కాదని మధ్యవర్తి అంది. ఆ తరవాత లాయరుతో కాసేపు మాట్లాడుకోమని ఇద్దర్నీ వదిలి తను కూడా బయటికి వెళ్ళింది. కుర్రవాడు తనకు తెలిసిన చట్టమంతా మళ్ళీ ఏకరువు పెట్టాడు. చివరికి, మా అమ్మ కూడా ఇంతేనండీ అని పెన్ను మూత పెట్టేశాడు.

అందరూ తిరిగి వచ్చాక ఒప్పందం మాటలు పడ్డాయి. భారం మొత్తం పెద్దమ్మాయిదే. ఇల్లు అమ్మి ఆసుపత్రి ఖర్చు, ఆయన పడిన బాధకు పరిహారం చెల్లించాలి. నర్సు ఖర్చు, డాక్టరు అభిప్రాయాన్ని బట్టి కొంత తగ్గించి, ఆయన బతికి ఉన్నంతకాలం నెలనెలా ఇవ్వాలి. ఈ తోపుకు సంబంధించి ఇక ముందు ఎవరి మీదా ఏ దావా ఉండదు. పీట ప్రసక్తి కాగితంలో ఎక్కడా రాలేదు. చిన్నమ్మాయి "అక్కా, అదేంటి" అంటే, "నోరు మూసుకో. నీ పీట సరిగ్గా ఉంది" అంది పెద్దమ్మాయి. ఆ పిల్లకు తను ఇన్నాళ్ళలో ఇచ్చిన మెచ్చుకోలు అదొక్కటే.

నెలవారీ మొత్తాన్ని బ్యాంకులో వేస్తే సరిపోతుందని మాస్టారి కూతురు అంది. అదే మామూలు పద్ధతని లాయర్లిద్దరూ తల ఊపారు.

"చేతికే తెచ్చిస్తాను" అంది పెద్దమ్మాయి.

కూతురి మొహం బిగుసుకుంది. ఆ మనిషి మళ్ళీ తమ గుమ్మం ఎక్కడమనే ఆలోచనే ఆమెకు గిట్టలేదని గదిలో అందరికీ తెలిసింది. ఇల్లు పోతుందన్నప్పుడు లేని భయం ఇప్పుడు పెద్దమ్మాయికి పుట్టింది. ఆ గుమ్మం లేకపోతే, ఈ మొత్తం భారం వట్టి బరువు.

మాస్టారు కిటికీ వైపు చూస్తూ, "తేనివ్వవే" అన్నారు కూతురితో. "బ్యాంకువాడు పుస్తకాలు తెస్తాడా?"

కూతురు రుమాలును ఒడిలో పెట్టుకుంది. "సరే, పగటిపూట. నర్సు ఉన్నప్పుడు" అంది. మాస్టారి లాయరు ఆ వాక్యాన్ని ముసాయిదాలో చేత్తో చేర్చి, పక్కన అందరి పొడి సంతకాలూ తీసుకున్నాడు.

ప్రతులు అచ్చు వేసి తెచ్చారు. మధ్యవర్తి ఒకసారి పైకి చదివింది. 'ప్రతివాది చేసిన తోపు వల్ల కలిగిన నష్టమంతటికీ ప్రతివాది ఒక్కరే బాధ్యులు' అన్న చోట పెద్దమ్మాయి ఇంకోసారి చదవమంది. అర్థం కాలేదా అని లాయరు అడిగాడు. అర్థమైందంది. 'ఒక్కరే' అన్న మాటను ఆమె చెవులు భోజనం చేసినట్టు విన్నాయి. సిగ్గనిపించింది. ఆ ముసలాయన జీవితాంతం లేచి నిలబడలేక కూర్చోవడాన్ని చెప్పే వాక్యం అది. సిగ్గుపడుతూనే, రెండోసారి కూడా అంతే ఇష్టంగా విన్నది.

సంతకాలు మొదలయ్యాయి. మాస్టారు పెన్ను అందుకున్నారు. చిన్నమ్మాయి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని తనే పెట్టారు. కుట్టులాంటి సంతకం, సమాన దూరాల్లో పొడుచుకుంటూ పోయింది. తరవాత కూతురు, లాయర్లు. ఆఖరున పెద్దమ్మాయి పెట్టింది. ఎవరి ప్రతి వాళ్ళకు ఇచ్చారు.

మందపాటి కాగితం. సంచీలో పట్టాలంటే మూడు మడతలు పెట్టాలి. పెద్దమ్మాయి అంచులు కలిపి సరిచూసుకుంటుండగా, బల్ల మీద ఏదో జరిగి వచ్చి ఆమె మోచేతికి తగిలింది. తేనె రంగు ఎముక బద్ద. చిన్నమ్మాయి దాన్ని ఇటు తోసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంత దగ్గరగా చూసి అయిదు నెలలు. సన్నటి కొస దగ్గర మాస్టారి చూపుడువేలు ఆనే చోట చిన్న గుంట. అందులో తన వేలు సరిగ్గా పడుతుందో లేదో పెద్దమ్మాయికి ఇప్పటికీ తెలియదు. చెయ్యి అటు పోవాలని ఎంతగా లాగిందంటే, ఆమె ఆ చేతిని కాగితం మీద అదిమి పట్టుకోవలసి వచ్చింది. ఇస్తే ఆయన ఇవ్వాలి. ఈ పిల్ల దయతలిచి ఇవ్వడమా.

మొదటి మడత వేసి, బొటనవేలి గోటిని దాని మీద ఆనించి, ఒక కొస నుంచి మరో కొసకు ఒక్క లాగుడు లాగింది. రెండో మడత. మూడోది. మాస్టారు తల పక్కకు వాల్చి ఆ మడతనే చూస్తున్నారు. అంచు కత్తిలా తేలింది.

"ఊ" అన్నారు.

పెద్దమ్మాయి తల ఎత్తలేదు. ఆ 'ఊ' చిన్నమ్మాయి కూడా విన్నదా లేదా అన్నది మాత్రం ఓరకంట చూసుకుంది. విన్నది. ఎముక బద్దను చేతి అంచుతో బల్ల మీదుగా వెనక్కి నెట్టి, మడిచిన కాగితాన్ని సంచీ లోపలి అరలో పెట్టి, అర బొత్తాం పెట్టింది.